పచ్చ చుక్క వెలుగుతోంది, సీట్లో మనిషి లేడు

కస్టమర్ సపోర్ట్ విభాగం అధిపతి గారికి,

విషయం: స్టేటస్ దానంతట అదే అవైలబుల్‌గా మారిపోవడం గురించి 26 రోజులుగా మూలుగుతున్న ఫిర్యాదు

అయ్యా,

ఈ ఉత్తరం మీదాకా వస్తుందన్న నమ్మకం నాకు లేదు. మీ దగ్గర ఏది ఎవరికి చేరుతుందో మీకే తెలిసినట్టు లేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇదే కథ మీ వాళ్లకు ఇప్పటికి ఐదుసార్లు మొదటి నుంచి చెప్పాను. ఆరోసారి చెప్పేదేదో కాగితం మీద పెడితే కనీసం నా గొంతు మిగులుతుంది.

మేం నలుగురం కూర్చుని కస్టమర్లతో చాట్ చేసే చిన్న టీమ్. చాట్లను పంచిపెట్టేది మీ సాఫ్ట్‌వేరే. ఆరేళ్లుగా వాడుతున్నాం. ప్రతిసారీ గడువుకు ముందే రెన్యూ చేశాం, మరో రెండు ఆఫీసులకు మీ పేరు చెప్పాం కూడా. ఆ మాట ఎందుకు చెప్పామా అని ఇప్పుడు నాలుక కరుచుకుంటున్నాం.

ఈ నెల 3న జరిగింది ఇదీ. మా టీమ్‌లో ఒకతను మధ్యాహ్నం 1:05కి స్టేటస్‌ను బ్రేక్‌లో పెట్టి, ల్యాప్‌టాప్ మూసి లేచాడు. 1:50కి తిరిగొచ్చి చూస్తే అతని పేరు మీద 23 మిస్డ్ చాట్లు. మొత్తం తొమ్మిది మంది కస్టమర్లు. వాళ్లలో నలుగురు విసిగిపోయి వెళ్లిపోయారు. ఒకాయన చాట్ అయితే ఆరుసార్లు అతనికే వెళ్లి, ఆరుసార్లూ వెనక్కి వచ్చింది. ఒక్కోసారికి 30 సెకన్లు. అంటే ఆ పెద్దమనిషి మూడు నిమిషాలు ఖాళీ కుర్చీ ముందు నిలబడ్డాడన్నమాట.

ఆ సాయంత్రమే మీకు మెయిల్ పెట్టాను. రెండో రోజు మీ మొదటి ప్రతినిధి జవాబిచ్చారు. బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేసి చూడమన్నారు. చేశాం. స్క్రీన్‌షాట్ అడిగారు. పంపాం. అంతా చూశాక, 'మీ సమస్య ఏమిటో వివరంగా చెప్పగలరా?' అన్నారు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టుంది.

రెండో ఆయన ఇంకా ఘనుడు. అతనికి చాట్ల పరిమితి మూడు ఉంది కాబట్టి ఒకటికి తగ్గించుకోండి, లోడ్ పడదు అన్నారు. అయ్యా, పరిమితి అనేది మనిషి సీట్లో ఉన్నప్పుడు ఒకేసారి ఎన్ని చాట్లు పట్టగలడో చెప్పేది. అసలు ఉన్నాడా లేడా అని చెప్పేది స్టేటస్. ఇంట్లో మనిషి లేడు మొర్రో అంటే, అయితే కుర్చీలు తగ్గించుకోండి అన్నట్టుంది ఆ సలహా. ఈ తేడా మీ సంస్థలో పనిచేసే మనిషికి నేను విడమర్చి చెప్పాల్సి వచ్చింది. ఆయన 'థాంక్యూ, నోట్ చేసుకున్నాను' అన్నారు. ఎక్కడ నోట్ చేసుకున్నారో ఏమో, మూడో ఆమె మళ్లీ క్యాష్ దగ్గర్నుంచే మొదలుపెట్టారు.

ఆమెకు నేను స్పష్టంగా రాశాను: 'సాయంత్రం 4 నుంచి 4:30 వరకు మీటింగ్‌లో ఉంటాను, అది తప్ప 10 నుంచి 6 మధ్య ఎప్పుడైనా ఫోన్ చేయండి.' సరిగ్గా 4:10కి ఫోన్ చేశారు. మర్నాడు 4:15కి మళ్లీ. మూడో రోజు, 'కస్టమర్ స్పందించనందున మీ టికెట్‌ను మూసివేస్తున్నాం' అని మెయిల్. కింద ఐదు నక్షత్రాలు, మా సేవ మీకు నచ్చిందా అని. మనిషి లేని వేళ చూసి పని అప్పగించడం మీ సాఫ్ట్‌వేర్‌కు ఎక్కడ అబ్బిందో నాకు ఆ రోజు అర్థమైంది.

ఇక ఫోన్ లైన్ సంగతి. క్యూలో ఉన్నారు అంటూ కాసేపు మ్యూజిక్, ఆపైన ఎవరికో కలిపినట్టు రింగ్. 30 సెకన్లు మోగి ఆగింది. మళ్లీ మ్యూజిక్. మళ్లీ రింగ్, మళ్లీ 30 సెకన్లు. నేను గడియారం పెట్టుకుని లెక్కపెట్టాను, నాలుగుసార్లు. బయటివాళ్లకైతే ఇది రద్దీలా కనిపిస్తుంది. మాలాంటి వాళ్లకు ఈ లక్షణం బాగా తెలుసు. రద్దీ ఉంటే అసలు రింగే కాకూడదు, మ్యూజిక్ మాత్రమే రావాలి. రింగయి, ఎవరూ ఎత్తక వెనక్కి వచ్చిందంటే, ఎవరో అవైలబుల్ అని పచ్చ చుక్క వెలిగించి టీకో దేనికో వెళ్లారన్నమాట. నా ఫిర్యాదు ఏమిటో మీ ఫోన్ లైనే నాకు వినిపించింది.

మీవాళ్లు చెప్పకపోతే పోనీ అని మేమే పట్టుకున్నాం. స్టేటస్ చరిత్ర తెరిస్తే 1:05కి బ్రేక్ అని, 1:07కి అవైలబుల్ అని ఉంది. ఆ రెండో మార్పు ఎక్కణ్నుంచి జరిగిందన్న గడిలో 'మొబైల్ యాప్' అని ఉంది. అతను ఫోన్ ముట్టుకోలేదంటాడు. అబద్ధమాడే మనిషి కాడు. అందుకని శనివారం పనిలేని వేళ పరీక్ష పెట్టాం. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో రెండింటిలోనూ లాగిన్ అయ్యాడు. ల్యాప్‌టాప్‌లో బ్రేక్ నొక్కాడు. సూపర్‌వైజర్ బోర్డు మీద అతని పేరు పక్కన ఎర్ర చుక్క వచ్చింది. ల్యాప్‌టాప్ మూశాడు, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. నలుగురం బోర్డు వంక చూస్తూ కూర్చున్నాం. రెండు నిమిషాలు కావస్తుండగా, ఎవరూ వేలు కూడా కదపకుండానే, ఎర్ర చుక్క పచ్చగా మారింది. ఎవరో దయ్యం వచ్చి నొక్కినట్టు.

దయ్యం కాదు. ల్యాప్‌టాప్ మూసేసరికి బ్రౌజర్ నుంచి సిగ్నల్ ఆగింది. కాసేపు చూసి మీ సర్వర్ ఆ సెషన్ పోయిందనుకుంది. మిగిలింది ఫోన్ సెషన్. పొద్దున లాగిన్ అయినప్పుడు అందులో అవైలబుల్ అని ఉండిపోయింది, దాన్నే తీసుకుంది. మరో మూడుసార్లు చేసి చూశాం, మూడుసార్లూ ఇంతే. ల్యాప్‌టాప్ మూయకుండా స్క్రీన్ లాక్ మాత్రమే చేస్తే ఎర్ర చుక్క అలాగే ఉంది. ఫోన్‌లో ముందే లాగౌట్ అయి ల్యాప్‌టాప్ మూస్తే నేరుగా ఆఫ్‌లైన్ అయింది, ఒక్క చాట్ కూడా వెళ్లలేదు.

సరే, స్టేటస్ తప్పు పడింది. కానీ పక్కన ముగ్గురు పనిచేస్తుండగా 23 సార్లు అతనికే ఎందుకు వెళ్లాలి? ఇది మీ వాళ్లలో ఒక్కరికీ తట్టని ప్రశ్న. మా క్యూ ఎక్కువసేపు ఖాళీగా ఉన్నవాళ్లకు ముందు ఇచ్చే పద్ధతిలో ఉంది. పనిచేసే ముగ్గురికీ ప్రతి చాట్‌తో ఖాళీ సమయం సున్నా నుంచి మొదలవుతుంది. బయటికెళ్లిన మనిషి ఏదీ తీసుకోడు కాబట్టి అతని గడియారం పెరుగుతూనే ఉంటుంది. అంటే అక్కడ లేని మనిషే మీ లెక్కలో అందరికంటే తీరిగ్గా ఉన్నవాడు! ప్రతి కొత్త చాట్ ముందు అతని తలుపే తడుతుంది. 30 సెకన్లకు వెనక్కి వచ్చినా అతని స్టేటస్ మారదు, కాబట్టి మళ్లీ అతనే ముందు వరుసలో.

దీనికి విరుగుడు మీ దగ్గరే ఉంది. ఇచ్చిన చాట్ ఎత్తకపోతే ఆ మనిషిని 'అవే' అనే, సీట్లో లేడని చెప్పే స్టేటస్‌లోకి మార్చే సెట్టింగ్. అడ్మిన్ పేజీలో మాకు బూడిద రంగులో కనిపిస్తుంది, నొక్కితే కదలదు. నాలుగో ప్రతినిధిని అడిగితే 'అది మీ ప్లాన్‌లో ఉంది' అన్నారు. ఐదో ఆమె 'లేదు' అన్నారు. ఇద్దరూ ఒకే రోజు, గంట తేడాతో. ఉంటే తెరవండి, లేకపోతే లేదని రాతపూర్వకంగా చెప్పండి. ఒక్క మిస్‌కే అవేలోకి నెట్టేయడం కూడా వద్దు. నీళ్లు తాగడానికి లేచి వచ్చినవాడు అవేలో పడ్డానని చూసుకోకపోతే బరువంతా మిగతా ముగ్గురి మీద పడుతుంది. వరసగా రెండు మిస్సయితే మార్చాలి, మార్చినట్టు అతనికి పెద్దగా కనిపించాలి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు.

అప్పటిదాకా మా తంటాలు మేం పడుతున్నాం. బ్రేక్‌కు వెళ్లేవాళ్లు చివరి చాట్ ముగించాక కాకుండా, అది నడుస్తుండగానే 'అవే' నొక్కుతున్నారు. నడుస్తున్నది పోదు, కొత్తది రాదు. ముందు ముగించి తర్వాత నొక్కుదామంటే ఆ రెండు మూడు సెకన్ల సందులోనే ఇంకో చాట్ వచ్చి ఒళ్లో పడుతోంది. ఫోన్ యాప్‌లో అందరూ లాగౌట్ అయ్యారు. లేచేముందు తన స్క్రీన్ కాదు, బోర్డు మీద తన చుక్క రంగు చూసి లేవమన్నాను. ఇవన్నీ డబ్బులు కట్టి మరీ మేం చేస్తున్న మీ పని.

ఆ 23 మిస్డ్ చాట్లు నెలవారీ రిపోర్టులో మా వాడి పేరు మీద అలాగే ఉన్నాయి. అతని స్పందన శాతం పడిపోయింది, పైవాళ్ల ముందు తల వంచుకుని నిలబడ్డాడు. చేయని తప్పుకు. నాకు ఒళ్లు మండింది అక్కడే. సాఫ్ట్‌వేర్ అన్నాక లోపాలుంటాయి, నాకూ తెలుసు. కానీ పరీక్ష చేసి, సమయాలతో సహా మీ చేతిలో పెడితే, 'మీ ఓపికకు ధన్యవాదాలు' అని పంపడమేమిటి? నాకు ఓపిక ఉందని మీకెవరు చెప్పారు?

ఆ 23 ఎంట్రీలను రిపోర్టు నుంచి తీసేయాలి, లేదా అవి సెషన్ లోపం వల్ల వచ్చాయని మీరు మాకు రాసివ్వాలి. ఏడు పనిదినాలు చూస్తాను. ఆ తర్వాత వచ్చే రెన్యువల్ మాట మర్చిపోండి. వినియోగదారుల కమిషన్‌కు ఏం రాయాలో కూడా సిద్ధంగా ఉంది. మేం సిఫార్సు చేసిన ఆ రెండు ఆఫీసులకు ఈ ఉత్తరం కాపీ ఎలాగూ పంపుతాను.

ఇట్లు,
మీ ఆరేళ్ల కస్టమర్,
చాట్ టీమ్ లీడ్

తా.క.: ఫోన్ చేసే ఉద్దేశం ఉంటే, 4 నుంచి 4:30 వరకు నేను ఇప్పటికీ మీటింగ్‌లోనే ఉంటాను. ఈసారి ఆ వేళకే చేసి 'కస్టమర్ స్పందించలేదు' అని టికెట్ మూస్తే, ఆ కాల్ సమయం కూడా ఫిర్యాదుకు జతచేస్తాను.