మంత్రి గారూ, ఆమె ఆయన భార్యే: మాజీ సైనికుల కుటుంబ పింఛనుపై ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇదే విషయం మీద ఇంతకుముందు పెట్టిన అర్జీలకు "తగు చర్య నిమిత్తం సంబంధిత కార్యాలయానికి పంపడమైనది" అని జవాబులు వచ్చాయి. నా ఫిర్యాదే ఆ సంబంధిత కార్యాలయం మీద. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా పింఛన్లు నడిపే ఆన్‌లైన్ వ్యవస్థ స్పర్శ్ గురించి, ఒకే ర్యాంకుకు ఒకే పింఛను అనే ఓఆర్ఓపీ గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. నేను అడుగుతున్నది చాలా చిన్న విషయం. చనిపోయిన జవాను భార్య పేరు ఏమిటి అన్న ప్రశ్నకు మీ శాఖ ఒక్కచోట, ఒక్కసారి జవాబు రాసుకోవాలి. అంతే.

నాతో పనిచేసిన హవల్దార్ ఒకాయన 61 ఏళ్లకు గుండెపోటుతో పోయారు. ఆయన భార్యను మేమంతా వదినా అని పిలుస్తాం. వదిన పేరు ఆధార్‌లో వరలక్ష్మమ్మ. డిశ్చార్జ్ బుక్కులో, పింఛను మంజూరు ఉత్తర్వు అయిన పీపీఓలో మాత్రం లక్ష్మి. పెళ్లి సెలవు అయిపోయి యూనిట్‌కి తిరిగి వెళ్లాక క్లర్కు అడిగితే ఆయన ఇంట్లో పిలుచుకునే పేరు చెప్పారు. దాని మీదే, కుటుంబ వివరాలను సర్వీసు రికార్డులోకి ఎక్కించే పార్ట్ టూ ఆర్డర్ అయ్యింది. ఆ కాలంలో అందరం అలాగే చెప్పాం, రాసుకున్నవాళ్లూ అలాగే రాసుకున్నారు. పాత పీపీఓలు చాలావాటిలాగే దీంట్లోనూ భార్య పుట్టిన తేదీ లేదు. ఎవరికీ అది తప్పులా కనపడలేదు, ఎందుకంటే ఆయన బతికున్నన్నాళ్లూ ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఫోను ఆయన ముఖాన్నే చూస్తుంది. పక్కన నిలబడ్డ మనిషి పేరు సరిగా ఉందా అని ఆ ఫోనూ అడగదు, ఆఫీసూ అడగదు.

మరణ ధ్రువపత్రం ఎక్కించగానే పింఛను ఆగిపోయింది. ఆ మీట మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది సార్, అభినందనలు. కుటుంబ పింఛను మొదలయ్యే మీట దగ్గరే చిక్కు. పీపీఓలో ఉన్న లక్ష్మి, ఆధార్‌లో ఉన్న వరలక్ష్మమ్మ ఒకరేనని రుజువు కావాలన్నారు. మొదట అఫిడవిట్ అడిగారు, ఇచ్చాం. అది నోటరీది, మేజిస్ట్రేట్ ముందు చేసింది కావాలన్నారు, చేయించాం. పేపర్లో ప్రకటన వేయించమన్నారు, వేయించాం. అన్నిటి మీదా సైనిక సంక్షేమ అధికారి సంతకం తీసుకుని రికార్డ్స్ ఆఫీసుకు పంపాం. అక్కడ మళ్లీ పార్ట్ టూ ఆర్డర్ వెలువడాలి. దాన్ని బట్టి పీపీఓకి సవరణ, అంటే కొరిజెండం, రావాలి. ఆ సవరణ స్పర్శ్‌లోకి ఎక్కాలి. అప్పుడు గానీ ఆమె క్లెయిము కదలదు. ఒక బల్ల మీది మనిషి అడిగిన కాగితాన్ని తర్వాతి బల్ల మీది మనిషి ఇదెందుకు తెచ్చారన్నట్టు చూస్తాడు. మధ్యలో ఒకసారి, పుట్టిన తేదీ రుజువు లేదని ఫైలు మొత్తం వెనక్కి వచ్చింది. ఆ లోటు మొదటిరోజే చెప్పొచ్చు కదా అంటే, అది మా సెక్షన్ కాదన్నారు.

ఈ ఆలస్యం వల్ల ఆమెకు నష్టమేమీ లేదని, బకాయిలు కలిపి వస్తాయని ఒక అధికారి నాకు ధైర్యం చెప్పారు. కలిపి వస్తాయి, నిజమే. లెక్క మీకు తెలుసు గానీ చదివేవాళ్ల కోసం చెబుతాను. ఆయన చివరి జీతంగా లెక్కలోకి వచ్చేది 40,000 అనుకోండి. ఆయన పోయాక మొదట కొన్నాళ్లు భార్యకు అందులో సగం, అంటే 20,000, దాని మీద కరువు భృతి, అదే డీఆర్, రావాలి. ఈ పెంచిన రేటు మరణం తర్వాత 7 ఏళ్లు, లేదా ఆయనకు 67 నిండే దాకా, ఏది ముందైతే అది. ఆయన 61కి పోయారు కాబట్టి ఆమెకు దొరికేది సుమారు 6 ఏళ్లే. ఆ తర్వాత 30 శాతానికి, అంటే 12,000కి దిగుతుంది. కుటుంబం నిలదొక్కుకోవడానికే మొదటి ఏళ్లలో ఎక్కువ ఇస్తున్నారు. సరిగ్గా ఆ ఏళ్లలోనే ఫైలు తిరుగుతోంది. అప్పు చేసి బతుకుతున్న మనిషికి ఎప్పుడో వచ్చే బకాయి వడ్డీకే సరిపోతుంది. మరణవార్త ఆలస్యంగా ఎక్కినందుకు ఆయన ఖాతాలో అదనంగా పడిన పింఛను ఉంది చూశారూ, దాన్ని ఆ బకాయిలోంచే ముందుగా పట్టుకుంటారు. దానికి మాత్రం పేర్ల తేడా అడ్డు రాదు.

పోనీ, ఈలోపు ఏదైనా సాయం దొరుకుతుందేమోనని అడిగాను. నిరుపేద మాజీ సైనికులకు, వారి భార్యలకు ఇచ్చే నెలవారీ గ్రాంటును మీ శాఖ 2025 నవంబరు నుంచి పెట్టుకునే దరఖాస్తులకు 4,000 నుంచి 8,000కి పెంచింది. మంచి పని, కాదనను. కానీ అది 65 దాటిన, పింఛను లేనివాళ్లకు. వదిన భర్త పింఛనుదారు. కాబట్టి ఆమె నాన్ పెన్షనర్ కిందకు రారు. మరి పెన్షనరా అంటే, ఇంకా కాదు! ఇలాంటి మనిషిని ఏ కాలమ్‌లో రాయాలో మీరే చెప్పండి సార్.

ఇదంతా పూర్తయినా పుట్టిన తేదీ గొడవ మళ్లీ తలెత్తుతుంది. 80 నిండితే కుటుంబ పింఛను మీద 20 శాతం అదనం. 80 నిండాయని చెప్పాల్సింది పీపీఓలోని తేదీ. తేదీ లేని పీపీఓలతో ఉన్న ముసలివాళ్లు ఆ అదనం కోసం మళ్లీ మొదటి బల్ల దగ్గర నిలబడాలి. నాకు తెలిసి ఒకావిడ 84 ఏళ్ల వయసులో తన వయసు రుజువు చేసుకోవడానికి చదివిన బడి ఏదని అడిగితే ఏం చెప్పాలో తెలియక తెల్లబోయింది. ఆవిడ బడికి వెళ్లలేదు.

మా పునరావాసం గురించి సభల్లో చాలా మాట్లాడతారు. జవాను నలభైకి అటూ ఇటూగా ఇంటికొచ్చేస్తాడు కాబట్టి రెండో ఉద్యోగం, శిక్షణ, కోటా, అన్నీ అవసరమే. నేనూ అలా వచ్చిన ఉద్యోగమే చేశాను. కానీ ఆ పథకాలన్నీ మనిషి బతికున్నప్పటివి. ఆయన వెళ్లిపోయాక ఇంట్లో మిగిలేది ఈ ఒక్క పింఛనే. దీన్ని ఎందుకు ఇంత కష్టం చేశారు?

చేయాల్సింది మీకు తెలియంది కాదు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినప్పుడే భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో పోల్చి, తేడా ఉంటే ఆ రోజే చెప్పండి. భర్త బతికుండగా ఆయన సంతకంతో అయిపోయే పని అది. భర్త పోయాక పేరు కుదరకపోతే, కనీసం 30 శాతమైనా తాత్కాలికంగా ఇస్తూ విచారణ చేసుకోండి. ఏ కాగితం కావాలో మొదటి రోజే రాతపూర్వకంగా చెప్పండి, మధ్యలో కొత్తవి పుట్టించకండి. వదిన ఫైలు ఎక్కడుందో కనుక్కోమని మీ ఆఫీసులో ఎవరికైనా చెప్పండి. ఇంకోసారి అడుగుతున్నాను, 30 శాతమైనా ఇప్పించండి సార్.

ఈ లేఖను కూడా సంబంధిత కార్యాలయానికే పంపుతారేమో. పంపినా సరే, జవాబు మాత్రం అక్కడి నుంచి కాకుండా మీ దగ్గర్నుంచి రావాలని మనవి.

ఇట్లు,
ఒక మాజీ నాయక్