మా గేరికి వచ్చిన కొత్త కళ

సంపాదకుడు గారికి,

నమస్కారం. పది పన్నెండు రోజుల కిందట మీ జిల్లా అనుబంధంలో కర్నూలు పాతబస్తీ మీద అరపేజీ కథనం వేశారు. ఇరుకు సందుల్లో అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయని, గజం ధర ఎక్కడికో పోయిందని, పాత ఊరికి కొత్త కళ వచ్చిందని రాశారు. ఫొటో కూడా బాగానే తీశారు. అందులో అయిదంతస్తుల భవనం పక్కన సగం కనబడుతున్న మిద్దె మాదే. ఆ సగం కూడా కత్తిరించి ఉంటే కళ ఇంకాస్త పెరిగేది. చదివిన రోజే రాద్దామనుకున్నాను. ఇంతలో ఇంటి పన్ను కట్టే రోజు వచ్చింది. కౌంటరు దగ్గర నిలబడ్డ కోపం కూడా ఇందులో కలిసింది, కొంచెం ఓపికపట్టండి.

కళ ఎప్పుడొచ్చిందో రాశారు గానీ, కళ లేనప్పుడు ఇక్కడ ఎవరున్నారో రాయలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డప్పుడు మా గేరిలో నీళ్లు మిద్దెల పైకి లేచాయి. నీళ్లు తీశాక ఇంట్లో మోకాలి లోతు బురద. ఓపికా, డబ్బూ ఉన్నవాళ్లు మెరక చూసుకుని నంద్యాల రోడ్డు వైపు, బళ్లారి రోడ్డు వైపు వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టను, మా తమ్ముడూ అలాగే వెళ్లాడు. పోలేనివాళ్లం పారలు పట్టి బురద ఎత్తుకున్నాం. ఖాళీ అయిన పోర్షన్లలోకి తక్కువ అద్దెకు హమాలీలు, టైలర్లు, తోపుడుబండ్ల వాళ్లు వచ్చారు. ఆ రోజుల్లో మా గేరిలో ఇల్లు అమ్ముతామన్నా బేరానికి వచ్చినవాడు లేడు. గేరిని గేరిగా నిలబెట్టింది వీళ్లే.

తర్వాత 2020లో కర్నూలును న్యాయ రాజధాని చేస్తామని చట్టం చేశారు. ఆ చట్టం వెనక్కి పోయింది గానీ ధరలు వెనక్కి పోలేదు. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి కోసం అసెంబ్లీ తీర్మానం చేసింది. బెంచి రావాలి, రాయలసీమకు అది బాకీ. 1953లో మాకిచ్చిన రాజధానిని మూడేళ్లకే హైదరాబాదుకు తీసుకుపోయారు, మాకు మిగిలినవి ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు పేర్లు. అప్పుడు గుమాస్తాలకు ఇళ్లు దొరక్క, మా తాత పశువుల కొట్టాన్ని కూడా గదిగా మార్చి అద్దెకిచ్చాడని మా నాన్న నవ్వుతూ చెప్పేవాడు. కాబట్టి రాజధాని పేరు వింటేనే అద్దెలు లేవడం మాకు కొత్త కాదు. కొత్తదల్లా, అద్దె లేవడంతో పాటు మనుషుల్నీ లేపేయడం.

మా ఎదురింటి సంగతి చెబుతాను. బేతంచెర్ల బండలు పరిచిన పాత ఇల్లు, నాలుగు పోర్షన్లు. ఒక పోర్షన్లో ఉగ్గాని చేసి అమ్మే ఆమె ఇరవై రెండేళ్లుగా ఉంది. పెద్దలూ పిల్లలూ అందరూ ఆమెను ఉగ్గాని అక్క అనే పిలుస్తారు. తెల్లవారి మూడున్నరకు పొయ్యి వెలిగేది, అయిదింటికి గేరి మొదట్లో బల్ల వేసేది, తొమ్మిదికి గిన్నెలు కడిగేది. ఎనభై ప్లేట్లు పోతే ఖర్చులన్నీ పోను ఆరు వందలు మిగిలేవి. ఇంటి యజమాని మంచివాడు, అద్దె 1,800 దాటించలేదు. ఆయన పోయాక బెంగళూరులో, హైదరాబాదులో ఉన్న పిల్లలు వచ్చారు. ముందు ఒకతను టేపు పట్టుకుని గోడలు కొలిచాడు. తర్వాత వెనకింటి వాళ్లతో కూడా మాట్లాడుతున్నారని తెలిసింది. ఎందుకంటే వీధి వెడల్పు, స్థలం విస్తీర్ణం చూసే అంతస్తులకు అనుమతి ఇస్తారు. చిన్న స్థలాలు రెండు కలిపితేనే బిల్డరుకు గిట్టుబాటు. మీ గేరిలో కూడా టేపు ఒక ఇంటితో ఆగకుండా వెనకింటికి కూడా వెళ్లిందంటే, ఇక సామాన్లు సర్దుకోవచ్చు.

నాలుగు కుటుంబాలకు నెల గడువిచ్చారు. చేతికి ఇరవై వేలు ఇచ్చారు, అది వాళ్ల మంచితనమే, చట్టం అడిగింది కాదు. ఇరవై రెండేళ్లలో అగ్రిమెంటు ఏనాడూ రాసుకోలేదు. అద్దె రసీదు లేదు. కరెంటు బిల్లు యజమాని పేరు మీద వస్తుంది. కనుక అక్క అక్కడ ఉన్నట్టు చెప్పేది ఆమె రేషన్ కార్డు మీది అడ్రసు ఒక్కటే.

ఇక్కడే నాకు అర్థం కాని సంగతి ఉంది. ఇదే స్థలాన్ని రోడ్డు కోసం ప్రభుత్వం సేకరించి ఉంటే, 2013 భూసేకరణ చట్టం ప్రకారం మూడేళ్లకు పైగా అక్కడ కాపురమున్న కుటుంబాన్ని, అక్కడే బతుకుతెరువు ఉన్న కుటుంబాన్ని, సొంత భూమి లేకపోయినా బాధిత కుటుంబంగా లెక్కించాలి. అదే స్థలాన్ని బిల్డరు కొంటే వాళ్లు ఎవరి లెక్కలోకీ రారు. ఇల్లు కూల్చడానికి, కొత్తది కట్టడానికి ప్లాను ఇస్తారు కదా, ఆ దరఖాస్తులో సెట్‌బ్యాక్ ఎన్ని అడుగులు, పార్కింగ్ ఎంత అని అడుగుతారు. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా అని ఒక్క గడి పెట్టడానికి కాగితం చాలలేదా?

అక్క ఊరి చివర 3,500కు గది తీసుకుంది. అక్కడ తెల్లవారి అయిదింటికి ఉగ్గాని తినేవాడు లేడు. పాత చోటికే రావాలంటే గిన్నెలతో ఆటో, పోను నూట యాభై, రాను నూట యాభై. మిగిలే ఆరు వందల్లో సగం ఆటోకే పోయింది, అద్దె చూస్తే రెట్టింపయింది. ఇరవై రోజులు చేసి మానేసింది. ఇప్పుడు ఎవరింట్లోనో వంట చేస్తోంది. పేదలకు ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లున్నాయి కదా అంటారు. జగన్నాథ గట్టు మీద మూడు వందల చదరపు అడుగుల ఇల్లు వస్తే కాపురానికి సరిపోతుంది, కాదనను. కానీ ఆ గట్టు మీద హమాలీ ఉండడు, పెద్ద మార్కెట్టు ఉండదు. ఇల్లు ఇచ్చేవాళ్లు మనిషికి తలదాచుకునే చోటు ఒక్కటే కావాలనుకుంటారు.

సరే, అద్దెకున్నవాళ్ల మాట అది. సొంతిల్లు ఉన్నవాళ్లం హాయిగా ఉన్నామనుకుంటున్నారేమో. రాష్ట్రంలో 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్ను లెక్క మారింది. అంతకు ముందు ఇంటికి అద్దె ఎంత వస్తుందో చూసి పన్ను వేసేవాళ్లు. ఇప్పుడు రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో ఆ చోటు విలువ ఎంత ఉందో చూసి వేస్తున్నారు. నివాసానికైతే ఆ విలువ మీద 0.10 శాతం నుంచి 0.50 శాతం దాకా. ఒక్కసారిగా భారం పడకుండా ఏటా 15 శాతానికి మించి పెంచరాదన్నారు. వినడానికి దయగానే ఉంది.

మా ఇంటి కాగితం తీయండి. 2020-21లో పన్ను 1,400 రూపాయలు. ఏటా 15 శాతం చొప్పున 2024-25 నాటికి 2,449 అయింది. ఇంతటితో ఆగేది కాదు. మా స్థలం 120 గజాలు. పుస్తకంలో గజం 22 వేలనుకుంటే స్థలమే 26 లక్షల 40 వేలు. మట్టితో కట్టిన రాతి గోడలకు వయసు తరుగు పోను ఇంకో లక్షన్నర చిల్లర వేయండి, మొత్తం 28 లక్షలు. 0.15 శాతం లెక్కన 4,200. అంటే ఏటా 15 శాతం పెరుగుతూ మా పన్ను ఎనిమిదో ఏడుకు ఆ అంకె దగ్గరికి చేరుతుంది. ఈలోగా పుస్తకం ధరలు సవరిస్తే, 2025 ఫిబ్రవరి 1న సవరించారు కూడా, చేరాల్సిన అంకె ఇంకా ముందుకు జరుగుతుంది. ఇల్లు పాతబడేకొద్దీ గోడల విలువ తగ్గుతుంది, కింద నేల విలువ మాత్రం పక్కవాడు అమ్మినప్పుడల్లా పెరుగుతుంది. నా ఇంట్లో నేను ఒక్క ఇటుక పెట్టలేదు, ఎదురింట్లో పిల్లలు ఇల్లు అమ్ముకున్నందుకు నేను కడుతున్నాను.

నెలకు వంద, రెండు వందల తేడాకు ఇంత లేఖా అని మీరు నవ్వుకోవచ్చు. పింఛను మీద బతికేవాడికి పన్ను, మందులు, మోటారు పెట్టి నీళ్లు లాగే పక్క అపార్ట్‌మెంటు పుణ్యమా అని కొనే నీళ్ల క్యాన్లు, అన్నీ ఒకే నెలలో వస్తాయి. ఇంకో మాట. 375 చదరపు అడుగుల లోపు సొంతింట్లో సొంతదారే ఉంటే ఏడాదికి 50 రూపాయలే పన్ను. పేదలకు గొప్ప మేలే. కానీ మా గేరి ఇళ్లు చూడండి, ఒకే కప్పు కింద మూడు నాలుగు పోర్షన్లు, ఒక్కొక్కదాంట్లో ఒక కుటుంబం. కొలత తీస్తే ఇల్లు పెద్దది, మనిషిని చూస్తే చిన్నవాడు. ఆ 50 రూపాయలు మాకు వర్తించవు. పెరిగిన పన్నును యజమాని తన జేబులోంచి ఎన్నాళ్లు కడతాడు? అద్దెలో కలుపుతాడు. మా వెనక పోర్షన్లో ఉన్న టైలరుకు నేనూ ఈ ఏడు రెండు వందలు పెంచాను. ఇది రాస్తున్నప్పుడు సిగ్గుగానే ఉంది.

బ్రోకరు వారానికొకసారి వస్తాడు. "సార్, మీరు ముప్పై లక్షల మీద కూర్చున్నారు" అంటాడు. కూర్చున్నది నిజమే, లేస్తేనే గదా అవి నా చేతికొచ్చేది. లేచాక ఆ డబ్బుతో ఈ ఊళ్లో ఇంత ఇల్లు ఎక్కడొస్తుందని అడిగితే, ఊరి బయట వెంచరు ఫొటోలు చూపిస్తాడు. అమ్మేటప్పుడు ఇంకో వింత. కొన్నవాడు చేతికిచ్చేది ఒక ధర, రిజిస్ట్రేషన్‌కు చూపేది పుస్తకం ధర. స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం ఉంది కదా, అందుకని తేడా డబ్బు చీకట్లోనే మారుతుంది. అమ్మి పోయేవాడికి ఆ వెసులుబాటుంది. అమ్మకుండా ఉన్నవాడు మాత్రం పైసాతో సహా కట్టాలి.

నేనేమీ అపార్ట్‌మెంట్లు వద్దనడం లేదు. తాతలనాటి ఇంట్లో ఉండి, అమ్మకుండా, కట్టకుండా ఉన్నవాడి పన్నును ఇల్లు అమ్మేదాకా ఆపండి, అప్పుడు వచ్చే డబ్బులోంచి బకాయి కలిపి తీసుకోండి అంటున్నాను. ప్లాను దరఖాస్తులో ఆ ఒక్క గడి పెట్టండి, అందులో పేర్లున్న వాళ్లకు టిడ్కో ఇల్లిచ్చేటప్పుడు ముందు వరుసా, ఊరికి దగ్గర చోటా ఇవ్వండి అంటున్నాను. పోయినసారి కౌంటరులో ఈ మాటే అంటే అక్కడున్న పిల్లవాడు కంప్యూటరు వైపు చూస్తూ, "పెద్దాయనా, సిస్టంలో ఆ ఆప్షన్ లేదు" అన్నాడు. వాడి తప్పేం లేదు, వాడూ కాంట్రాక్టు ఉద్యోగే. వాడుండేది కూడా మా గేరి వెనకాలే, అద్దెకు.

ఈసారి మీ విలేకరిని పంపితే తెల్లవారి అయిదింటికి పంపండి. ఫొటో తీసేచోటు నేను చూపిస్తాను. అక్క బల్ల వేసేచోట ఇప్పుడు అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కుర్చీ ఉంది.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు,
వన్‌టౌన్, కర్నూలు.