లైబ్రేరియన్ గారి నోట్‌బుక్కులు గ్రంథాలయానికి దక్కాలి

సంపాదకుల గారికి,

నమస్కారం. గుంటూరులోని ఒక పాత గ్రంథాలయంలో చాలా ఏళ్లుగా రిఫరెన్స్ విభాగం చూస్తున్న లైబ్రేరియన్ గారు ఈ నెలాఖరుకు రిటైర్ అవుతున్నారు. పేరు పత్రికలో పడితే ఆమె నొచ్చుకుంటారు, అందుకే రాయడం లేదు. నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. నా విద్యార్థులను ఏటా ఆమె దగ్గరికి పంపుతూ వచ్చాను. వాళ్లు ఏం తెచ్చుకున్నారో చూశాను కాబట్టి ఆమె చేసిన పని ఎలాంటిదో చెప్పగలను.

పాత పుస్తకం దొరకాలంటే అది గ్రంథాలయంలో ఉంటే చాలదు. ఏ పేరు మీద ఉందో తెలియాలి. ఆమె చేతిలో ఉన్న విద్య అదే.

పల్నాడు నుంచి వచ్చిన ఒక అమ్మాయి కథ చెబుతాను. పీజీ ప్రాజెక్టుకు తమ ప్రాంతంలో 1832-33లో వచ్చిన కరువును ఎంచుకుంది. ఆ ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ డొక్కల కరువు అంటారు. నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి నందన కరువు అని కూడా పేరు. ఆ అమ్మాయి గ్రంథాలయం కంప్యూటర్లో గుంటూరు జిల్లా చరిత్ర అని వెతికింది. వచ్చినవన్నీ ఈ మధ్య పుస్తకాలే. బ్రిటిష్ కాలంలో రాసినది ఒక్కటీ కనిపించలేదు. ఇక లేదనుకుని లేవబోతుంటే లైబ్రేరియన్ గారు వచ్చి పక్కన కూర్చున్నారు. ఎవరొచ్చినా ఆమె మొదట వేసే ప్రశ్న ఒకటే ఉంటుంది.

"నీకు కావలసింది ఏ ఏడాది సంగతమ్మా? ఆ ఏడాది మీ ఊరు ఏ జిల్లాలో ఉంది?"

కరువు నాటికి గుంటూరు జిల్లా ఉంది. కానీ 1859లో దాన్ని రద్దు చేసి కృష్ణా జిల్లాలో కలిపేశారు. మళ్లీ విడిగా ఏర్పడింది 1904లో. ఆ నడుమ నలభై అయిదేళ్లలో ప్రభుత్వం అచ్చు వేసిన జిల్లా పుస్తకాల్లో గుంటూరు సంగతులన్నీ కృష్ణా పేరు కిందే ఉంటాయి. ఆ రోజుల్లో కృష్ణాను ఇంగ్లిషులో Kistna అని రాసేవారు. అంటే Krishna అని టైప్ చేసినా అవి కనిపించవు. ఆమె Kistna అని కొట్టించారు. 1883లో గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ బయటపడింది. గుంటూరు కరువు గురించి ఆ అమ్మాయికి కావలసిన ఆధారం అందులో ఉంది. పుస్తకం ఆ బీరువాలోనే ఉంది, గుంటూరు అనే మాట మాత్రం దాని పేరులో లేదు.

ఇది ఒక్క గుంటూరు చిక్కే కాదు. ఒంగోలు ప్రాంతం 1904కు ముందు నెల్లూరు జిల్లాలో ఉండేది. తర్వాత 1970లో ప్రకాశం జిల్లా పుట్టేదాకా గుంటూరులో ఉంది. కాబట్టి ఒంగోలు పిల్లవాడు తన ఊరి సంగతి కోసం కాలాన్ని బట్టి మూడు జిల్లాల పుస్తకాలు చూడాలి. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు కూడా వచ్చాయి. ఇవాళ్టి జిల్లా పేరుతో వెతికే పిల్లలకు పాత పుస్తకాలు ఇంకొంచెం దూరమయ్యాయి. లైబ్రేరియన్ గారు ఈ మార్పులన్నీ తాలూకాల వారీగా ఒక నోట్‌బుక్కులో రాసుకున్నారు. తాలూకా పేరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు ఏ జిల్లా, పాత ఇంగ్లిషు స్పెల్లింగ్, ఆ విషయం దొరికే పుస్తకం, అది ఉన్న బీరువా. విజయవాడకు Bezwada, మచిలీపట్నానికి Masulipatam, ఇలా.

రెండో నోట్‌బుక్కు పాత పత్రికలది. అందులో ఆమె శ్రమ నాకు మరీ ఆశ్చర్యం కలిగిస్తుంది. మన పాత తెలుగు రచనల్లో ఆధారం ఇచ్చేటప్పుడు చాలామంది ఇంగ్లిషు తేదీ ఇవ్వరు. రక్తాక్షి మాఘం అని ఇచ్చి ఊరుకుంటారు. తెలుగులో ఎంఏ చేస్తున్న మా కుర్రవాడొకడు పాత పత్రికలోని ఒక వ్యాసం కోసం ఇలాంటి ఫుట్‌నోట్ పట్టుకుని వెళ్లాడు. రక్తాక్షి అంటే 1924 అని ఎక్కడో చూసి, 1924 బైండు సంపుటం తీసుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పాడు. వ్యాసం లేదు. ఫుట్‌నోటే తప్పని తేల్చేశాడు.

ఆమె చూసి, "రక్తాక్షి ఎప్పుడు మొదలైంది నాన్నా?" అని అడిగారు. ఉగాదికి. అంటే 1924 మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో మొదలై 1925 ఉగాది ముందు దాకా నడిచింది. చైత్రం నుంచి మార్గశిరం దాకా దాదాపుగా 1924లోనే పడతాయి. పుష్యానికి ఇంగ్లిషు సంవత్సరం మారుతుంది. మాఘం అంటే 1925 జనవరి చివర, ఫిబ్రవరి. వాడు చూడవలసింది పక్కనున్న 1925 సంపుటం. తెరవగానే వ్యాసం దొరికింది. ఆ రోజు నుంచి వాడు ఏ ఆధారం చూసినా ముందు మాసం చూస్తున్నాడు, తర్వాతే సంవత్సరం.

ఇంకో చిక్కు కూడా ఉంది. సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి. కరువు వచ్చిన నందన 1832. ఆ తర్వాత 1892, 1952, 2012 కూడా నందనలే. పుస్తకం మీద నందన అని మాత్రమే ఉంటే అది ఎప్పటిదో పీఠికలో చెప్పిన సంగతులను బట్టి, అచ్చువేసిన ముద్రాక్షరశాలను బట్టి తేల్చుకోవాలి. అలా ఆమె తేల్చిన పుస్తకాలకు నోట్‌బుక్కులో సంవత్సరం వేసి, ఎలా తేల్చారో పక్కన ఒక వాక్యం రాశారు. ఆ వాక్యం ఉండబట్టే ఇంకొకరు దాన్ని సరిచూడగలరు.

ఇప్పుడన్నీ నెట్‌లో ఉన్నాయి కదా అని కొందరంటారు. చాలా ఉన్నాయి, నిజమే. archive.org లో పాత తెలుగు పుస్తకాలు చూడమని ఆమే పిల్లలకు చెప్పేవారు. అయితే అక్కడ తెలుగు పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో ఒక్కో పుస్తకానికి ఒక్కో తీరుగా ఎక్కించారు. ఆంధ్రుల అనే మాటను Andhrula అనీ Aandhrula అనీ రెండు రకాలుగానూ వెతకాల్సిందే. దొరికాక కూడా పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూసుకోమనేవారు. స్కానింగ్‌లో ఎగిరిపోయిన పేజీలు చదివేటప్పుడు తెలియవు. పుస్తకం మధ్యలో మడతపెట్టి అంటించిన మ్యాపులు మరీ ప్రమాదం. చాలాసార్లు వాటిని విప్పకుండానే స్కాన్ చేసి ఉంటారు. మ్యాపు కావలసినవాడు అసలు పుస్తకం దగ్గరికి రాక తప్పదు.

తన దగ్గర లేని పుస్తకానికి ఆమె పిల్లవాడిని వట్టి చేతులతో పంపేవారు కాదు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలకు పేరున్న చోటు. అక్కడికి పంపాల్సి వస్తే ముందు ఫోన్ చేసి, కావలసిన సంపుటం ఉందో లేదో, ఏ వేళకు వెళ్లాలో కనుక్కుని, ఒక పరిచయం ఉత్తరం రాసి ఇచ్చేవారు. వెళ్లే పిల్లలకు జాగ్రత్తలు చెప్పేవారు. పెన్ను వద్దు, పెన్సిల్ తీసుకెళ్లు. అంచులు పొడిగా రాలే కాగితాన్ని జెరాక్స్ మిషన్ మీద నొక్కకు, పుస్తకం వీపు విరుగుతుంది. ఫ్లాష్ లేకుండా ఫోటో తీసుకో, ముందు టైటిల్ పేజీ తీయి. ఈ చివరి మాట పాటించని పిల్లలు ఏ పుస్తకంలోదో తెలియని ఫోటోలతో తిరిగి రావడం నేను చూస్తూనే ఉన్నాను.

సంపాదకుల గారూ, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణానికి వస్తాను. అక్కడ ఇప్పుడు పుస్తకాల జాబితా కొత్తగా కంప్యూటర్‌కెక్కిస్తున్నారు. మంచి పనే. అయితే పాత కార్డుల మీద ఆమె చేత్తో రాసిన "ఇది కూడా చూడండి" గమనికలు అందులోకి ఎక్కడం లేదు. పేరు, రచయిత, సంవత్సరం, నంబరు ఎక్కించి కార్డును పక్కన పడేస్తున్నారు. ఎక్కించే పిల్లలను అనడానికి లేదు, వాళ్లకు చెప్పిన పని అంతే.

దానితో పాటు, వాడకం లేని పుస్తకాలను జాబితా నుంచి కొట్టివేసే ఆలోచన కూడా ఉందట. వాడకాన్ని ఇష్యూ రిజిస్టర్ చూసి లెక్కిస్తారు. రిఫరెన్స్ పుస్తకాన్ని ఇంటికివ్వరు కాబట్టి ఇష్యూ రిజిస్టర్‌లో దాని పేరే ఉండదు. రోజూ నలుగురు చదివినా అక్కడ సున్నాయే. ఇది ముందే ఊహించారు కాబట్టే ఆమె పిల్లలతో, "చదివాక మీరు బీరువాలో పెట్టొద్దు, బల్ల మీదే ఉంచండి" అనేవారు. వాళ్లు పెడితే చోటు తప్పుతుందన్నది ఒక కారణం. సాయంత్రం బల్లల మీద మిగిలిన పుస్తకాల నంబర్లు రాసుకోవడానికి వీలుంటుందన్నది రెండోది. ఆ లెక్క ఆమె మూడో నోట్‌బుక్కు. కొట్టివేతకు కూర్చునేవారు ఇష్యూ రిజిస్టర్‌తో పాటు దాన్నీ ముందు పెట్టుకోవాలి. లేకపోతే ఆ 1883 మాన్యువల్ కూడా ఎవరూ వాడని పుస్తకాల కిందే పోతుంది.

మన రాష్ట్రంలో ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. ఆ హక్కుతోనే గ్రంథాలయం బాధ్యులను అడుగుతున్నాను. కొత్త జాబితాలో ప్రతి పుస్తకానికి ఒక గమనికల గడి పెట్టి, పాత స్పెల్లింగులు, మారిన జిల్లాల పేర్లు, తేల్చిన సంవత్సరాలు అందులో ఎక్కించండి. ఎక్కించడం పూర్తయ్యేదాకా పాత కార్డులను చిత్తు కాగితాల వాడికి ఇవ్వకండి. ఆమె స్థానంలోకి వచ్చేవారిని ఈ నెలలోనే వేసి, మిగిలిన రోజులు ఆమె పక్కన కూర్చోబెట్టండి. నోట్‌బుక్కులు ఆమె సొంత డబ్బుతో కొన్నవి. ఇంటికి తీసుకెళ్లినా అడిగేవారు లేరు. అడిగితే గ్రంథాలయానికే ఇచ్చేస్తానని నాతో అన్నారు. ఆమె ఆఖరి పనిదినం లోపు వాటిని రసీదు ఇచ్చి తీసుకుని, నంబరు వేసి, రిఫరెన్స్ బీరువాలో పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక చరిత్ర అధ్యాపకుడు,
గుంటూరు