మైకు పట్టుకునేవాళ్లకు ఒక కాగితం

సంపాదకుడు గారికి,

నేను అనంతపురంలో డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. మొన్న మా మనవరాలి బళ్లో స్పోర్ట్స్ డే చూడటానికి వెళ్లాను. అమ్మాయిల 800 మీటర్ల పరుగులో మొదటి ముగ్గురూ వచ్చేశారు. ఒక్క పాప ఇంకా పరుగెత్తుతోంది. మైకులో ఉన్నాయన "ఈమె వచ్చేలోపు మనం అన్నం తిని రావచ్చు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పాప వంపు దగ్గరే ట్రాక్ దిగి, టెంట్ వెనక్కి వెళ్లిపోయింది.

ఆయన చెడ్డవాడేం కాదు. చేతిలో కాగితం లేదు, ఖాళీగా ఉండలేక నోటికొచ్చింది అన్నాడు. జిల్లాలోని హెడ్మాస్టర్లందరికీ నా మనవి ఒక్కటే: మైకు ఇచ్చేముందు రాసిన కాగితం ఇవ్వండి. అందులో ఏముండాలో నాకు తెలిసినంత చెబుతాను.

మొదట పిలుపులు. "8వ తరగతి బాలికల 800 మీటర్లు, మొదటి పిలుపు. పాల్గొనేవాళ్లు నీళ్ల ట్యాంకు పక్కన రిపోర్ట్ చేయాలి." ఇది పందేనికి 20 నిమిషాల ముందు. 10 నిమిషాల ముందు రెండోది, 5 నిమిషాల ముందు ఆఖరి పిలుపు. ఎక్కడికి రావాలో మూడుసార్లూ చెప్పాలి. పేర్లు ముందురోజే క్లాస్ టీచర్ చేత చదివించుకుని, పలికే తీరులో రాసుకోవాలి. పిల్లలు గీత దగ్గరికి రాగానే మైకు ఆపేయాలి. 800 మీటర్లకు "ఆన్ యువర్ మార్క్స్" తర్వాత నేరుగా విజిలే, మధ్యలో "సెట్" ఉండదు. అది 400 మీటర్ల దాకా ఉండే పందేలకే. ఆ ఒక్క మాట హారన్ స్పీకర్ మోతలో వినపడక ఫాల్స్ స్టార్ట్‌లు అయినవి ఎన్నో చూశాను.

ఇక చివర వచ్చేవాళ్ల సంగతి. 100 మీటర్లలో చివరి పిల్లాడు మూడు నాలుగు సెకన్ల తేడాతో వచ్చేస్తాడు, ప్రత్యేకంగా ఏమీ అనక్కర్లేదు. ఫలితం చదివేటప్పుడు ముగ్గురితో ఆపకుండా ఎనిమిది పేర్లూ చదివితే చాలు. రిలేలో బ్యాటన్ జారితే జట్టు పేరు చెప్పండి, జార్చినవాడి పేరు వద్దు. చిక్కంతా 800, 1500 మీటర్లతోనే. అక్కడ చివరి బిడ్డ ఒక్కతే ట్రాక్ మీద మిగిలిపోతుంది, ఊరంతా ఆమెనే చూస్తుంది.

అప్పుడు "పాపం, అందరూ చప్పట్లు కొట్టండి" అనడం కూడా ఎగతాళి లాంటిదే. పదమూడేళ్ల పిల్లకు జాలి ఇట్టే తెలిసిపోతుంది. మంచిమాట అనాలంటే ఆమె చేసిన పని ఏదో ఒకటి చేతిలో ఉండాలి. అందుకని నేను పదో తరగతి పిల్లవాడికి స్టాప్‌వాచ్ ఇచ్చి, చివరి రన్నర్‌ను మాత్రమే చూడమనేవాణ్ణి.

పోయిన నెల పక్క మండలంలో ఒక బడివాళ్లు పిలిస్తే అక్కడా ఇదే చేశాం. సున్నం గీసిన 200 మీటర్ల ట్రాక్, నాలుగు రౌండ్లు. గెలిచిన అమ్మాయి 3 నిమిషాల 5 సెకన్లకు వచ్చింది. 27వ నెంబరు అమ్మాయి అప్పటికి నాలుగో రౌండు మొదలుపెట్టి 15 సెకన్లే అయింది. ఆమె రౌండ్లు వరసగా 52, 58, 60 సెకన్లని చీటీ వచ్చింది. మైకులో ఇలా చదివాం: "పందెం ఇంకా నడుస్తోంది. ట్రాక్ మీదికి ఎవరూ రావద్దు. 27వ నెంబరు చివరి రౌండులో ఉంది." పేరు కూడా చెప్పాం, ఇక్కడ రాయను. ఆ 40 సెకన్లూ షాట్‌పుట్ పిలుపు ఆపాం. గెలిచినామెను ఫొటోకు పిలవలేదు. గీత దగ్గర టేపు తీసేయబోతున్న పిల్లలతో దాన్ని అలాగే పట్టుకుని ఉండమన్నాం. (ఈ టేపు విషయం ఎవరికీ గుర్తుండదు. మొదటి మనిషి తగలగానే చుట్టేస్తారు.)

ఆమె గీత దాటింది, 3 నిమిషాల 45 సెకన్లు. "27వ నెంబరు ఎనిమిదో స్థానం. మూడో రౌండు 60 సెకన్లు, చివరి రౌండు 55. అలసిపోయాక కూడా 5 సెకన్లు తగ్గించింది." అంతే చదివి, షాట్‌పుట్ ఆఖరి పిలుపు ఇచ్చాం.

చెప్పడానికి అన్నిసార్లూ ఇలాంటి అంకె దొరకదు. ఒక్కోసారి రౌండు రౌండుకూ టైము పెరుగుతూనే పోతుంది. అప్పుడు పేరు, స్థానం, టైము చదివి ఊరుకోవాలి. లేని గొప్ప అంటగట్టకూడదు. కడుపునొప్పితో మధ్యలో దిగిపోయినవాళ్లకు అదీ వద్దు. మైకు అటు తిరగకుండా, ఒక టీచరమ్మ నీళ్లు పట్టుకుని వెళితే మేలు.

ఆ 27వ నెంబరు అమ్మాయి నీళ్లు తాగి నేరుగా స్టాప్‌వాచ్ పిల్లవాడి దగ్గరికొచ్చింది. "అన్నా, రెండో రౌండు ఎంత?" అని అడిగి, ఆ చీటీ తీసుకుపోయింది.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
అనంతపురం