విశేషణం దేనికి తగులుకుంటుంది?

సంపాదకుల వారికి నమస్కారం.

"కొత్త ఉద్యోగుల పింఛను నిబంధనలు" అని ఒక శీర్షిక అచ్చయిందనుకుందాం. కొత్తవి నిబంధనలా, కొత్తవాళ్లు ఉద్యోగులా? ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషి ఆ శీర్షిక చూసి, ఇది నాకు సంబంధించింది కాదులే అని పేజీ తిప్పేయవచ్చు. అసలు వార్త ఉద్యోగులందరికీ వర్తించే కొత్త నిబంధనల గురించి అయితే, నష్టపోయేది ఆయనే. ఒక్క మాటను జరిపి "ఉద్యోగుల కొత్త పింఛను నిబంధనలు" అని వేస్తే ఈ చిక్కు ఉండదు. నామవాచకం ముందు రెండు మూడు విశేషణాలు చేరినప్పుడు వాటి వరుస గురించి పత్రికల్లో రాసేవారు, దిద్దేవారు కొంచెం ఆగి ఆలోచించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు, అందరికీ తెలియకుండానే తెలిసిన వరుస ఒకటి ఉంది. "అందమైన పాత చెక్క ఇల్లు" అంటాం. "చెక్క పాత అందమైన ఇల్లు" అనం. అలా అంటే వినేవాడు ఒక్క క్షణం తడబడతాడు. ఆ ఇల్లు దేనితో కట్టారన్నది ఇంటిలోనే ఉన్న సంగతి, చూసేవాడు మారినా మారదు. అందుకే 'చెక్క' నామానికి ఆనుకుని ఉంటుంది. 'పాత' అన్నది కాలంతో వచ్చింది, దానికి ఒక అడుగు ఇవతల నిలుస్తుంది. 'అందమైన' అన్నది చూసేవాడి అభిప్రాయం, అందరికంటే దూరంగా, వరుసకు మొదట ఉంటుంది. ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాల్లో అభిప్రాయం, పరిమాణం, వయసు, ఆకారం, రంగు, పుట్టుక, పదార్థం, ప్రయోజనం అని ఒక పట్టిక నేర్పుతారు. తెలుగు వరుస రెండు చివర్లలో ఆ పట్టికతో కలుస్తుంది. మధ్యలో మాత్రం మన భాషకు వదులు ఎక్కువ. "పొడవాటి నల్లని జుట్టు" అన్నా, "నల్లని పొడవాటి జుట్టు" అన్నా తెలుగు చెవికి తప్పు వినిపించదు. కాబట్టి ఆ పట్టికను యథాతథంగా తెచ్చి తెలుగు వాక్యం మీద రుద్దనక్కర లేదు.

పదార్థం పేరు నామానికి ఎంత దగ్గరో మన సమాస రూపాలే చూపిస్తాయి. రాయి 'రాతి' అవుతుంది, ఇనుము 'ఇనుప' అవుతుంది, బంగారం 'బంగారు' అవుతుంది. ఆ రూపంలో అది తన తర్వాతి మాటను అంటిపెట్టుకునే ఉంటుంది. ఇనుప పెట్టె కాస్తా నోట్లో ఇనప్పెట్టె అయిపోయింది. ఇక వాటి మధ్య మరో మాటకు చోటెక్కడిది? "పాత ఇనప్పెట్టె" అనాలి గాని, "ఇనుప పాత పెట్టె" అనకూడదు. రంగు మాటల్లోనూ పొట్టి రూపానికి ఈ గుణం ఉంది. 'నల్ల' అన్నది అంటుకుంటుంది, 'నల్లని', 'నల్లటి' అన్నవి కాస్త విడిగా తిరుగుతాయి. "పెద్ద నల్ల కుక్క" సహజం, "నల్ల పెద్ద కుక్క" ఎబ్బెట్టు. "నల్లటి పెద్ద కుక్క" అంటే మళ్లీ సరిపోతుంది. బాగా అంటుకుపోతే విశేషణం తన అర్థాన్నే వదిలేసుకుంటుంది: ఆకుపచ్చ రంగు వేసినా నల్లబల్ల నల్లబల్లే, పిల్లగా ఉన్నా పెద్దపులి పెద్దపులే. "చిన్న పెద్దపులి" అనడంలో వైరుధ్యం లేనిది అందుకే.

'మంచి' అన్న మాట విషయంలో జాగ్రత్త పడాలి. "మంచి పెద్ద ఇల్లు" అన్నప్పుడు 'మంచి' ఇంటిని మెచ్చుకోవడం కంటే 'పెద్ద'కు బలం ఇస్తోంది, బాగా పెద్దది అని. "పెద్ద మంచి ఇల్లు" అని తిప్పితే ఆ బలం పోతుంది, వాక్యం కూడా కుంటుతుంది. దిద్దేటప్పుడు 'మంచి'ని కదిలించే ముందు అది నామం కోసం వచ్చిందా, పక్క విశేషణం కోసం వచ్చిందా అని చూసుకోవాలి.

ఇంతవరకు చెప్పినది చెవి చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది. నిజమైన ప్రమాదం వేరే చోట ఉంది. తెలుగులో విశేషణం తన తర్వాత మొట్టమొదట కనిపించిన నామాన్ని పట్టుకుంటుంది. దాన్ని దాటించి అవతలి నామానికి చేర్చాలని రాసేవాడు ఎంత అనుకున్నా, చదివేవాడి మనసు అలా పోదు.

"పాత చెక్క ఇల్లు" అన్న మూడు మాటలే తీసుకోండి. ఇక్కడ 'చెక్క' నామంగా నిలబడలేదు, ఇంటికి అతుక్కుని విశేషణంలా పనిచేస్తోంది. అందుకే 'పాత' దాన్ని దాటి ఇంటిని చేరుతుంది. ఇప్పుడు వర్ణన కాస్త నిండుగా ఉండాలని 'చెక్క'ను 'చెక్కతో కట్టిన' అని విస్తరించారనుకోండి. వరుస మార్చకుండా అక్కడే పెడితే "పాత చెక్కతో కట్టిన ఇల్లు" వస్తుంది. ఇల్లు నిన్న కట్టింది కావచ్చు, పాతబడింది చెక్క! విభక్తి తగలగానే 'చెక్క' మళ్లీ పూర్తి నామం అయింది, 'పాత' దాని దగ్గరే ఆగిపోయింది. ముందు 'అందమైన' కూడా ఉంటే అదీ చెక్కకే పోతుంది. సరైన వరుస "చెక్కతో కట్టిన అందమైన పాత ఇల్లు". అంటే పదార్థం ఒక్క మాటగా ఉన్నప్పుడు నామానికి అందరికంటే దగ్గర, క్రియతో కలిసి పదబంధం అయినప్పుడు అందరికంటే దూరం. కట్టిన, వేసిన, ఉన్న లాంటి మాటలతో ముగిసే బరువైన విశేషణాలన్నీ వరుసకు ముందు రావాలనడానికి కారణం ఇదే. వాటి కడుపులో మరో నామం ఉంటుంది. దాని ముందు ఏ విశేషణం పెట్టినా అది లాగేసుకుంటుంది.

షష్ఠిలో ఉన్న మాటలూ ఇంతే. "పాత పుస్తకాల దుకాణం"లో పాతవి పుస్తకాలనే ఎవరైనా అనుకుంటారు. దుకాణమే పాతదైతే "పుస్తకాల పాత దుకాణం" అనక తప్పదు. 'పుస్తకాల' అన్నది ప్రయోజనం చెప్పే మాట కనుక దుకాణానికి ఆనుకుని ఉండాల్సింది, నిజమే. కానీ స్పష్టత కోసం అది పక్కకు జరగాలి. చెవికి కొంచెం కొత్తగా ఉంటే ఉండనివ్వండి, అర్థం మారిపోవడం కంటే అదే నయం. మాట్లాడేటప్పుడు "పాత... పుస్తకాల దుకాణం" అని చిన్న విరామం ఇచ్చి నెట్టుకొస్తాం. అచ్చులో ఆ విరామం లేదు. పైగా శీర్షిక రెండు వరుసలుగా విరిగినప్పుడు ఏ మాట ఏ వరుసలో పడిందన్న దాన్నిబట్టి కూడా అర్థం అటో ఇటో మొగ్గుతుంది.

ఒక వాక్యాన్ని చివరిదాకా సరిచేసి చూద్దాం. "పాత అందమైన చెక్క పెద్ద కిటికీలున్న ఇల్లు" అని రాత వచ్చింది. రాసినవారు చెప్పదలచుకున్నది: ఇల్లు పాతది, అందమైనది, చెక్కది. కిటికీలు పెద్దవి. రాత ప్రకారం నాలుగు గుణాలూ కిటికీలకే పోయాయి, ఇంటికి ఒక్కటీ మిగల్లేదు. మొదట రెండు నామాలనూ విడదీసి, ఒక్కో విశేషణం పక్కన "ఏది?" అని అడగాలి. పెద్దవి ఏవి, కిటికీలు. పాతది ఏది, ఇల్లు. అలా ఎవరి వాటా వారికి పంచాక, 'ఉన్న'తో ముగిసే బరువైన పదబంధాన్ని ముందుకు తేవాలి: "పెద్ద కిటికీలున్న". ఆ తర్వాత అభిప్రాయం, వయసు, పదార్థం, చివర నామం: "పెద్ద కిటికీలున్న అందమైన పాత చెక్క ఇల్లు". చెక్కవి కిటికీలే అయితే "పెద్ద చెక్క కిటికీలున్న అందమైన పాత ఇల్లు". ఇల్లూ కిటికీలూ రెండూ చెక్కవే అయితే ఒకే వరుసలో ఇరికించడం మానేసి వాక్యాన్ని విడగొట్టాలి: "అందమైన పాత ఇల్లు. గోడలు, పెద్ద పెద్ద కిటికీలు, అన్నీ చెక్కవే." బరువైన పదబంధాన్ని పక్కన పెడితే, నా లెక్కలో ఒక నామం ముందు మూడు విశేషణాలు చాలు. నాలుగోది వచ్చిందంటే దాన్ని వెనక్కి పంపి 'పాతది', 'చెక్కది' అని వాక్యం చివర చెప్పుకునే సౌలభ్యం తెలుగుకు ఉండనే ఉంది.

కామా సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. రెండు విశేషణాలను అటూ ఇటూ మార్చినా అర్థం, సహజత్వం చెడకపోతే మధ్యలో కామా పెట్టవచ్చు: "విశాలమైన, ప్రశాంతమైన గది". మారిస్తే చెడేవాటి మధ్య కామా వద్దు. "పాత, చెక్క కుర్చీ" అని పెడితే 'పాత' దగ్గర చదువరి ఆగి, చెక్క కుర్చీతో దాని లంకె తెంపేస్తాడు.

సంఖ్యలు, 'ఆ', 'ఈ'లు ఒక్క మాటగా ఉన్న విశేషణాలన్నిటికీ ముందు నడుస్తాయి: "ఆ రెండు పాత చెక్క కుర్చీలు". "పాత రెండు కుర్చీలు" అంటే తప్పు కాదు గాని అర్థం వేరు, కొత్తవి కూడా ఉన్నాయి, వాటిని కాదు అని వేరుచేయడం. ఇలా తేడా చూపడం కోసం కావాలని వరుస తప్పించడం భాషకు ఉన్న హక్కే. ఆ ఉద్దేశం లేకుండా తప్పిస్తే మాత్రం, లేని కొత్త కుర్చీల కోసం చదువరి వెనక పేరాలు వెతుక్కుంటాడు.

మీ పత్రికలో శీర్షికలు, ఫోటో వ్యాఖ్యలు దిద్దే బల్ల దగ్గర ఈ ఒక్క పరీక్ష పెట్టించమని కోరుతున్నాను: నామం ముందు రెండో నామం కనిపించినప్పుడల్లా, వాటికంటే ముందున్న విశేషణం ఎవరిదో అడగడం. ఫోటో వ్యాఖ్యల్లో బొమ్మ పక్కనే ఉండి అర్థాన్ని కాపాడుతుంది. ప్రకటనలు, నిబంధనలు, అర్హతల వార్తల్లో ఆ ఆసరా ఉండదు కనుక మొదలుపెట్టేది అక్కడి నుంచైతే మేలు.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు