0.99 చూసి మురిసిపోతే ఎలా?

సంపాదకులకు,

మీ బిజినెస్ పేజీలో పోయిన ఆదివారం వచ్చిన వ్యాసానికి ఎవరైనా అభ్యంతరం చెబుతారని ఎదురుచూశాను. సవరణ మాట దేవుడెరుగు, ఈ ఆదివారం దానికి రెండో భాగం కూడా వేశారు. షేర్ల సూచీ నేటి విలువకూ నిన్నటి విలువకూ మధ్య కోరిలేషన్ 0.99 వచ్చిందట, కాబట్టి ధరలు ర్యాండమ్ వాక్ కాదట, మార్కెట్ ఎటు పోతుందో ముందే చెప్పొచ్చట.

ర్యాండమ్ వాక్ అయినా వచ్చేది అదే అంకె కదండీ! ర్యాండమ్ వాక్ అంటే, నిన్నటి ధరకు ముందే చెప్పలేని ఒక కుదుపు కలిస్తే నేటి ధర. నాణెం ఎగరేసి బొమ్మకు ఒకటి కలుపుతూ, బొరుసుకు ఒకటి తీసేస్తూ వెయ్యిసార్లు రాసుకున్నా, ఆ వరుసలో పక్కపక్క అంకెల కోరిలేషన్ 0.99 దగ్గరే తేలుతుంది. చూడాల్సింది ధరను కాదు, రిటర్న్‌ను. అంటే నేటి ధర లాగరిథమ్‌లోంచి నిన్నటి ధర లాగరిథమ్ తీసేస్తే మిగిలేది. ఈ రోజు రిటర్న్‌కూ నిన్నటి రిటర్న్‌కూ సంబంధం ఉందా అన్నదే ఆటోకోరిలేషన్ అడిగే ప్రశ్న.

షేర్ విషయంలో అంతకంటే ముందు బోనస్‌లు, స్ప్లిట్‌లు సరిచేసుకోవాలి. 1:1 బోనస్ రోజున ధర సగమవుతుంది. సరిచేయకపోతే ఆ ఒక్కరోజు రిటర్న్ మైనస్ 0.69గా నమోదవుతుంది. రోజుకు 1.5 శాతం ఊగే షేర్‌లో 250 రోజుల రిటర్న్‌ల వర్గాలన్నీ కలిపితే దాదాపు 0.056. బోనస్ రోజు ఒక్కదాని వర్గమే 0.48! ఏడాది మొత్తాన్నీ అది మింగేస్తుంది, ఆటోకోరిలేషన్ సున్నా దగ్గరకు జారుతుంది. అప్పుడు ఉన్న సంబంధం కూడా కనబడదు.

ర్యాండమ్ వాక్‌ను పరీక్షించే ఇంకో కొలత వేరియెన్స్ రేషియో. వేరియెన్స్ అంటే రిటర్న్‌లు సగటు చుట్టూ ఎంత ఊగుతున్నాయన్న కొలత. రిటర్న్‌ల మధ్య సంబంధం లేకపోతే రెండు వారాల రిటర్న్ వేరియెన్స్ ఒక వారం దానికి సరిగ్గా రెండింతలుండాలి. మొదటిదాన్ని రెండోదాని రెట్టింపుతో భాగిస్తే 1 రావాలి. 1కి పైన ఎంతుంటే అంతే మొదటి ఆటోకోరిలేషన్. ఆండ్రూ లో, క్రెయిగ్ మెకిన్లే అనే ఆర్థిక పరిశోధకులు 1988లో అమెరికా షేర్లపై ఇదే చేశారు. 1962 నుంచి 1985 దాకా 1216 వారాల రిటర్న్‌లు తీసుకున్నారు. పెద్దా చిన్నా కంపెనీలన్నిటికీ సమాన వెయిటేజీ ఇచ్చిన సూచీకి రేషియో 1.30 వచ్చింది. కేవలం యాదృచ్ఛికంగా రేషియో ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పేది ప్రామాణిక దోషం. 1216 వర్గమూలంతో 1ని భాగిస్తే అది 0.029, 0.30 దానికి పదిరెట్లు పైమాటే. కానీ అలజడి వారాలు మార్కెట్లో గుంపులుగా వస్తాయి గనుక ఆ లెక్క మనల్ని మురిపిస్తుంది. ఆ గుంపులను లెక్కలోకి తీసుకుని సవరిస్తే ఆ పదిరెట్లు 7.51 రెట్లకు తగ్గింది. తగ్గినా బలమైన ఫలితమే.

అదే కాలంలో కంపెనీ పరిమాణాన్ని బట్టి వెయిటేజీ ఇచ్చిన సూచీకి వచ్చింది 1.08, సవరించిన అంకె 2.33. విడి షేర్లకైతే సగటున 1 కంటే కాస్త తక్కువే. అంటే సమాన వెయిటేజీ సూచీలో కనిపించిన సంబంధం చిన్న కంపెనీల వైపు నుంచి వస్తోంది. లావాదేవీలు జరగని షేర్ పాత ధరనే మోస్తుంది, వార్త దానిలోకి ఆలస్యంగా చేరుతుంది. ఒక్క పాత ధరల వల్లే 30 శాతం రాదని వారే లెక్కవేసి చూపారు. పెద్ద కంపెనీల ఈ వారం రిటర్న్ చిన్నవాటి వచ్చేవారం రిటర్న్‌కు ముందు నడుస్తుందని 1990లో చెప్పారు.

మీ నిపుణుడు రెండో భాగంలో స్మాల్‌క్యాప్ సూచీని ఎంచుకుని, 2 నుంచి 20 రోజుల దాకా వ్యవధులన్నీ తిరగేసి, ఒక్క వ్యవధినే పరీక్షించేటప్పుడు వాడే 1.96 హద్దు దాటిన ఒక్కదాన్ని పట్టుకుని పండగ చేసుకున్నారు. పాత ధరల మాటే ఎత్తలేదు. అన్ని వ్యవధులు వెతికితే ఏదో ఒకటి దాటకుండా ఉంటుందా? నాలుగు వ్యవధులు చూస్తేనే, వాటిలో పెద్ద అంకె దాదాపు 2.49 దాటాలి. ఆ కొలబద్దతో పైన చెప్పిన 2.33 కూడా ఫెయిలే.

ఒకవేళ పరీక్ష నిజంగానే ర్యాండమ్ వాక్‌ను కాదన్నా, బ్రోకరేజీ, పన్నులు, కొనుగోలు అమ్మకం ధరల తేడా పోగా ఏమైనా మిగులుతుందా అన్నది వేరే లెక్క. అమీర్‌పేట హోర్డింగులకు ఆ లెక్క పట్టదు. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో మూడేళ్లలో 93 శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారని 2024లో సెబీయే చెప్పింది. అయినా కోచింగ్ బోర్డులు పీకేవాడు లేడు, స్టాటిస్టిక్స్ సీట్లు నింపేవాడు లేడు. పత్రికలు కూడా అదే బాట పడితే ఇక చెప్పేదేముంది!

మూడో భాగం కూడా ఉందట. దయచేసి అందులోనైనా డేటా తేదీలు, వాడింది ధరా రిటర్నా, ఎన్ని వ్యవధులు ప్రయత్నించారు, ప్రామాణిక దోషం ఏ పద్ధతిలో కట్టారు అన్న నాలుగు ముక్కలు అచ్చు వేయించండి. స్థలం చాలకపోతే ఆయన ఫొటో సైజు తగ్గించండి.

– ఒక స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు, హనుమకొండ