రూట్ కెనాల్ గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను: ఇద్దరికి కృతజ్ఞతలు

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఐసు వేసిన చెరకు రసం ఒక్క గుక్క తాగి, గ్లాసు బండి మీదే పెట్టేసి దవడ పట్టుకుని నిలబడిపోయాను. ఎడమవైపు పైపళ్ళు జివ్వుమని కణత దాకా లాగేశాయి. అయిదు లెక్కపెట్టేలోపు పోయింది. ఇంకో గుక్క, మళ్ళీ అదే. ఆ తర్వాత ఫ్రిజ్ నీళ్ళు, మజ్జిగ, చివరికి బండి మీద వెళ్తుంటే నోట్లోకి కొట్టే గాలి కూడా.

మొదట చూపించుకున్న చోట రెండు పళ్ళకు రూట్ కెనాల్ చేయాలన్నారు. మా ఆఫీసు అన్న ఒక్క ప్రశ్న వేశాడు: "చల్లటిది మింగాక నొప్పి ఎంతసేపు ఉంటోంది?" రెండు మూడు సెకన్లు అన్నాను. "అయితే డబ్బు కట్టకు, మా డాక్టరమ్మకు చూపించు" అని తనే తీసుకెళ్ళాడు. అన్నా, నీకు మొదటి దండం.

డాక్టరు గారు రెండు పక్కల పళ్ళనూ వేలితో కప్పి, ఒక్కో పంటి మీద చిన్న గాలిపిచికారీ కొట్టారు. కోరపన్ను దగ్గర కుర్చీలో ఎగిరిపడ్డాను. దాని వెనకున్న చిన్న దవడ పన్ను కూడా అంతే. తర్వాత అద్దం పిడితో తట్టారు, గట్టిది కొరికించి వదలమన్నారు, ఎక్స్‌రే తీశారు. పుచ్చు లేదు, పగులు లేదు. చల్లదనం పోయాక కూడా నొప్పి నిమిషాల తరబడి సలపడం, రాత్రి దానంతటదే లేపేయడం ఉంటే నరం సంగతి అనుమానించాలట. కొరికి వదిలేటప్పుడు కలుక్కుమంటే పగులు. నాకవేవీ లేవు.

"ఏ చేత్తో తోముతారు?" అని అడిగారు. కుడి చేత్తో. "అందుకే ఎడమవైపు" అన్నారు. కుడిచేతివాటం ఉన్నవాళ్ళు ఎడమవైపు ఎక్కువ బలంగా రుద్దుతారట. అద్దంలో చూపించారు: చిగురు పైకి జరిగి, పంటి మెడ దగ్గర పసుపుపచ్చ గీత. ఆ పసుపే డెంటిన్. పైన ఎనామెల్ తెల్లటి పెంకులాంటిది. వేరు మీద ఆ పెంకు లేదు, ఉన్న పల్చటి పొర రాపిడికి పోతుంది.

ఆవిడ చెప్పిన పోలిక కొత్త మట్టికుండ. కుండ నిండా కంటికి కనిపించని రంధ్రాలు, వాటిలోంచి నీరు ఊరుతుంది. డెంటిన్‌లోనూ అలాంటి సన్నని గొట్టాలు చదరపు మిల్లీమీటరుకు వేలల్లో ఉంటాయి, నిండా ద్రవం. చల్లటిది తగిలితే ఆ ద్రవం బయటివైపు చప్పున కదులుతుంది. లోపలి చివర నరం కొసలు ఆ కదలికకు లాగబడతాయి. గాలి కూడా తడిని ఆరబెట్టి అదే పని చేస్తుంది. 1960లలో స్వీడన్‌కు చెందిన బ్రాన్‌స్ట్రామ్ ప్రయోగాలతో బలపరిచిన వివరణ ఇదే. వేడిటీకి నాకు పెద్దగా ఏమీ అనిపించకపోవడం అప్పుడు అర్థమైంది: వేడికి కదలిక లోపలివైపు, అదీ నెమ్మదిగా.

ఇక మందు. రెండు దారులు: నరాన్ని నెమ్మదింపజేయడం, గొట్టాల మూతులు మూయడం. మొదటిదానికి 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు రోజుకు రెండుసార్లు. రెండోదానికి ఆవిడ పన్ను ఆరబెట్టి ఫ్లోరైడ్ వార్నిష్ పూశారు. పూర్తిగా మూసుకోకపోయినా పర్లేదట. గొట్టం వెడల్పు సగమైతే అందులో పారే ద్రవం పదహారో వంతుకు పడిపోతుంది. ఈ లెక్క నాకు భలే నచ్చింది.

నేను వారంలోనే విసిగి ఫోన్ చేశాను, "ఏం లాభం లేదండి" అని. "నాలుగు వారాలు కాకుండా తీర్పు చెప్పకండి" అన్నారు. మూడో వారానికి ఫ్రిజ్ నీళ్ళు తాగగలిగాను. పేస్టు ఆపితే మళ్ళీ రావచ్చని కూడా ముందే చెప్పారు. జరిగిన చిగురు పేస్టుతో తిరిగి దిగిరాదు.

అసలు నేరం నాదే. గట్టి పోగుల బ్రష్షు, పిడికిలితో పట్టుకుని తోమడం, పొద్దున్నే నిమ్మనీళ్ళు తాగి వెంటనే బ్రష్షు. పులుపు మెత్తబరిచిన చోట రుద్దితే ఇంకా అరుగుతుంది. ఇప్పుడు మెత్తటి బ్రష్షు, మూడు వేళ్ళతో పట్టు. తోమడం ముందు, నిమ్మనీళ్ళు తర్వాత. తాగాక మామూలు నీళ్ళతో పుక్కిలింత.

కోరపన్ను పూర్తిగా సర్దుకుంది. దాని వెనకది గాడి పడేంత అరిగిపోయింది కాబట్టి అక్కడ పంటి రంగు ఫిల్లింగ్ పెట్టారు, పావుగంట పని. డాక్టరు గారూ, నాలుగు రోజులు ఆగి చెబుతానన్నానుగా: నిన్న చెరకు రసం ఐసుతోనే తాగాను, రెండు గ్లాసులు. రెండోది అన్న డబ్బులతో.